నల్లగా ఉన్న చోటే అడవి కనిపిస్తుంది: డబుల్ ఎక్స్‌పోజర్ పోర్ట్రెయిట్ వెనకున్న లెక్క

ఒక మనిషి ముఖం పక్క నుంచి కనిపిస్తుంటుంది. నుదురు, ముక్కు, గడ్డం గీత స్పష్టంగా ఉంటాయి, కానీ ఆ గీత లోపల చర్మానికి బదులు చెట్లు, పొగమంచు, కొమ్మలు. చుట్టూ అంతా తెలుపు. పుస్తకాల అట్టల మీదా పోస్టర్ల మీదా ఇలాంటివి చూసి చాలామందికి సొంతంగా ఒకటి చెయ్యాలనిపిస్తుంది. అప్పుడు దాదాపు అందరూ చేసేది ఒకటే. మనిషి ఫోటో కింద పెట్టి, అడవి ఫోటో పైన పెట్టి, పైదాని ఒపాసిటీ 50 శాతానికి తగ్గిస్తారు. వచ్చేది మాత్రం ఒక బూడిదరంగు మసక. చెట్లు ముఖం మీదా ఉంటాయి, వెనక గోడ మీదా ఉంటాయి, మనిషి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాడో తెలీదు.

నేనూ మొదట్లో అలాగే చేశాను. ఫోటోలు సరైనవి దొరకలేదనుకుని అడవి ఫోటోలు మార్చుకుంటూ పోయాను. లోపం ఫోటోల్లో లేదు, రెండింటినీ కలిపే పద్ధతిలో ఉంది. ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో ఒకసారి అర్థమైతే, అడవి ఎక్కడ కనపడాలో ఎక్కడ కనపడకూడదో మన చేతిలోకి వస్తుంది.

## ఫిల్మ్ రోజుల్లో ఇది ఎలా జరిగేది

డబుల్ ఎక్స్‌పోజర్ అంటే ఒకే ఫిల్మ్ ముక్క మీద రెండుసార్లు వెలుతురు పడనివ్వడం. మొదటిసారి మనిషిని తీస్తారు, రీలు ముందుకు జరపకుండా రెండోసారి అదే చోట అడవిని తీస్తారు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, ఫిల్మ్ మీద పడిన వెలుతురు కూడుతుందే గానీ తగ్గదు. ఒకసారి పడిన వెలుతురును రెండో ఫోటో చెరపలేదు.

ఇప్పుడు తెల్లటి ఆకాశం ముందు నిలబడిన మనిషిని ఊహించుకోండి. ముఖం మీద వెలుతురు లేదు, నల్లటి ఆకారంలా ఉన్నాడు. దీన్నే సిల్హౌట్ అంటాం. ఆకాశం ఉన్న చోట ఫిల్మ్ పూర్తిగా నిండిపోయింది, అక్కడ ఇంకెంత వెలుతురు పడినా తేడా కనపడదు. మనిషి ఉన్న చోట మాత్రం ఫిల్మ్‌కి దాదాపు ఏమీ తగల్లేదు, అది ఇంకా ఖాళీగానే ఉంది. రెండోసారి అడవిని తీసినప్పుడు చెట్ల బొమ్మ ఆ ఖాళీలోనే పడుతుంది. కత్తిరించడం లేదు, అతికించడం లేదు. మొదటి ఫోటోలోని నలుపే రెండో ఫోటోకి చోటు ఇచ్చింది.

ఒపాసిటీ తగ్గించినప్పుడు జరిగేది ఇది కాదు. అది రెండు ఫోటోల సగటు తీస్తుంది. తెల్లటి ఆకాశం మీద నల్లటి చెట్టు మాను పడితే, సగటు బూడిదరంగు అవుతుంది. అంటే నిండిపోయి గోడలా ఆపాల్సిన తెలుపు కూడా చెట్టుని లోపలికి రానిస్తుంది. మసక అంతా అక్కడి నుంచే వస్తోంది.

## అదే విషయం అంకెల్లో

కంప్యూటర్‌లో ఫిల్మ్‌కి దగ్గరగా ప్రవర్తించే బ్లెండ్ మోడ్, అంటే రెండు ఫోటోల్ని కలిపే లెక్క, ఒకటుంది, దాని పేరు Screen. ఫోటోషాప్‌లో, గింప్‌లో, ఇంకా చాలా ఫోటో ఎడిటర్లలో ఉంటుంది. మామూలు ఫోటోలో ప్రతి చుక్క వెలుగునీ 0 నుంచి 255 వరకు అంకెతో రాస్తారు, 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. రెండు ఫోటోల్లోని అంకెలు a, b అనుకుంటే Screen చేసే లెక్క ఇంతే:

```
255 - (255 - a) × (255 - b) / 255
```

సిల్హౌట్ లోపల విలువ 20, వెనక ఆకాశం 250 అనుకుందాం. అడవిలో నీడలో ఉన్న మాను 30, ఆకుల గుంపు 120, చెట్ల మధ్య నుంచి కనపడే ఆకాశం 240 అనుకుందాం.

ముఖం లోపల ఆకులు పడితే 131 వస్తుంది, అంటే ఆకులు దాదాపు వాటి అసలు వెలుగులోనే కనిపిస్తాయి. ఇక బయటి ఆకాశం మీద చూడండి. అక్కడ మాను పడితే 251, అడవిలోని ఆకాశం పడితే 255. అడవిలో 30కీ 240కీ మధ్య ఉన్న అంత పెద్ద తేడా అక్కడ నాలుగు మెట్లకి కుదించుకుపోయింది, అది కంటికి ఆనదు.

ఆకాశం 250 కాకుండా 215 అయితే? చూడ్డానికి అదీ తెల్లగానే అనిపిస్తుంది, లేత బూడిద అని ఎవరికీ తట్టదు. కానీ దాని మీద మాను పడితే 220, ఆకాశం పడితే 253 వస్తుంది. 33 మెట్ల తేడా. ఇప్పుడు మనిషి వెనక చెట్లు పల్చటి మరకల్లా కనపడతాయి. "Screen పెట్టినా వెనక అడవి పోవట్లేదు" అని చాలామంది అనేది దీని గురించే. తప్పు Screen లో లేదు, తెలుపు చాలినంత తెలుపు కాకపోవడంలో ఉంది.

ఈ లెక్కలో ఇంకో విషయం దాగి ఉంది. వచ్చే ఫలితం రెండు ఫోటోల్లో దేనికన్నా తక్కువ కాదు. Screen ఎప్పుడూ వెలుగు పెంచుతుందే గానీ నలుపు చెయ్యదు. కింద కొమ్మల దగ్గరికి వచ్చేటప్పటికి ఇదే అడ్డుపడుతుంది.

## మేడ మీద తీసిన సిల్హౌట్

మా మేనకోడలిది ఒకటి చేద్దామని మేడ మీదికి తీసుకెళ్లాను. మబ్బు పట్టిన సాయంత్రం కావాలని ఎంచుకున్నదే, ఎందుకంటే మబ్బు ఆకాశం మొత్తం ఒకే తెలుపులో ఉంటుంది. నీలి ఆకాశం కంటికి వెలుగుగా ఉన్నా ఫోటోలో అది 150, 180 దగ్గర ఉండిపోతుంది.

ఎదురుగా చూసే ముఖం కాకుండా పక్క నుంచి తీశాను. ఎదురు ముఖాన్ని సిల్హౌట్ చేస్తే గుండ్రటి ఆకారం, రెండు చెవులు తప్ప ఏమీ మిగలదు, ఎవరైనా ఒకేలా ఉంటారు. పక్క నుంచి అయితే ముక్కు, పెదాలు, గడ్డం అన్నీ గీతలోకే వచ్చేస్తాయి. జడ వీపుకి అంటుకోకుండా కొంచెం ఎడంగా వేలాడేలా పెట్టాం. లేకపోతే జడా వీపూ కలిసి ఒకే నల్ల ముద్ద అవుతాయి, మెడ ఎక్కడుందో తెలియదు.

కష్టమంతా ఎక్స్‌పోజర్ దగ్గరే. కెమెరా మీటర్ దేన్ని చూసినా దాన్ని మధ్యస్థ బూడిదగా చెయ్యాలని చూస్తుంది. ఫ్రేమంతా ఆకాశమే కాబట్టి ఆకాశాన్నే బూడిద చేస్తుంది, అది మనకి పనికిరాదు. అందుకని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +2 దాకా పెంచాను. అలా పెంచితే ముఖం కూడా తేలుతుంది కదా అంటే, తేలుతుంది, కానీ ముఖం మీద పడే వెలుతురు ఆకాశం కన్నా బాగా తక్కువైతే ఆకాశం నిండిపోయాక కూడా ముఖం చీకట్లోనే ఉంటుంది. మా మొదటి ఫోటోల్లో ఉండలేదు. ఎదురుగా సున్నం వేసిన పిట్టగోడ ఉంది, అది ఆకాశపు వెలుతురుని తిప్పి ముఖం మీదికి కొడుతోంది. ముఖం విలువ 90 దగ్గర వచ్చింది. గోడ మీద ఒక ముదురు దుప్పటి వేసేసరికి 25కి దిగింది.

మరీ ఎక్కువ పెంచినా దెబ్బే. +3 దాటించి చూస్తే తల వెంట్రుకల అంచులు వెలుతురులో కరిగిపోయాయి, ముక్కు కొస కూడా సన్నబడింది. చుట్టూ ఉన్న తెలుపు లెన్స్ లోపల చెదిరి నల్లటి భాగం మీదికి పారినప్పుడు ఇలా అవుతుంది. లెన్స్ మీద వేలిముద్ర ఉంటే ఇంకా ఎక్కువ. సరిగ్గా వచ్చిందో లేదో హిస్టోగ్రామ్‌లో, అంటే ఎడమ నలుపు నుంచి కుడి తెలుపు దాకా ఏ వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫులో, తెలుస్తుంది: ఎడమ చివర ఒక గుట్ట, కుడి చివర ఒక గుట్ట, మధ్యలో దాదాపు ఖాళీ. మధ్యలో కూడా గుట్ట ఉందంటే ఆకాశం చాలలేదు లేదా ముఖం తేలింది.

కొంచెం అటూ ఇటూ అయితే ఎడిటింగ్‌లో Levels తో లాగొచ్చు. నేను తెలుపు స్లైడర్‌ని 255 నుంచి 232కి, నలుపు స్లైడర్‌ని 0 నుంచి 12కి జరిపాను, అంతే. అంతకన్నా బాగా లాగాల్సి వస్తే వెంట్రుకల దగ్గర అంచు గరుగ్గా, కత్తెరతో కోసినట్టు అయిపోతుంది. దానికన్నా మళ్లీ తీసుకోవడమే మంచిది.

## అడవిని ఎక్కడ పెట్టాలి

నాకు ఈ పని మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. బయటినుంచి చూసేవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిదీ ఇదే. ముఖం గీతని మనకి చూపించేది నలుపు కాదు, లోపలి విలువకీ బయటి విలువకీ ఉన్న తేడా. లోపల ఏముందో ఇప్పుడు అడవి నిర్ణయిస్తోంది. కాబట్టి గీత ఎక్కడ గట్టిగా ఉండాలో ఎక్కడ కరిగిపోవాలో కూడా అడవే నిర్ణయిస్తుంది.

నా దగ్గర ఉన్నది మారేడుమిల్లి దారిలో పొద్దున్నే తీసిన ఫోటో. కింద సగం ముదురు ఆకుపచ్చ, పైకి పోయేకొద్దీ పొగమంచు, ఆపైన తెల్లటి ఆకాశం. సిల్హౌట్ అంచు దగ్గర అడవిలోని ముదురు భాగం, విలువ 40 అనుకోండి, పడితే Screen లెక్కలో 57 వస్తుంది. పక్కన బయట ఉన్నది 250 పైన. అంత తేడా ఉంటే గీత కత్తి అంచులా కనిపిస్తుంది. అదే అంచు దగ్గర అడవిలోని ఆకాశం, 240, పడితే లోపల 241 అవుతుంది. బయట కూడా తెలుపే, లోపల కూడా తెలుపే. గీత మాయం.

అందుకే మొదటిసారి అడవిని ఫ్రేముకి సరిపోయేలా పెట్టి వదిలేస్తే మా మేనకోడలికి నుదురు లేకుండా పోయింది. పొగమంచు సరిగ్గా అక్కడే పడింది. అడవి ఫోటోని పైకి జరిపి, కొంచెం పెద్దది చేసి, ముదురు చెట్ల వరుస నుదుటి నుంచి గడ్డం దాకా వచ్చేలా పెట్టాను. పొగమంచు నడినెత్తి మీదికి పోయింది. అక్కడ గీత కరిగినా నష్టం లేదు, పైపెచ్చు చెట్ల కొసలు తల నుంచి పైకి విచ్చుకుంటున్నట్టు ఉంటుంది. ముక్కు, పెదాలు, గడ్డం మనిషిని గుర్తుపట్టించేవి, అక్కడ మాత్రం అడవి ముదురుగా ఉండి తీరాలి. నడినెత్తి, వీపు, భుజాలు కరగనివ్వచ్చు.

ఎలాంటి అడవి పనికొస్తుందో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. ఫ్రేమంతా ఒకే పచ్చదనంతో నిండిన దట్టమైన అడవి ఫోటో విడిగా ఎంత అందంగా ఉన్నా, ముఖం లోపల పడితే చారల గుడ్డలా ఉంటుంది, కంటికి నిలవడానికి చోటు ఉండదు. వెలుగూ చీకటీ పెద్ద పెద్ద భాగాలుగా విడిపోయిన ఫోటో కావాలి. ఎండాకాలం నల్లమలలో ఆకు రాలిన చెట్లు బాగా పనికొస్తాయి, తెల్లటి ఆకాశం మీద కొమ్మలే గీతల్లా ఉంటాయి. కాకపోతే అందులో ఆకాశం పాలు ఎక్కువ, కాబట్టి దాన్ని ముఖం అంచుకి దూరంగా ఉంచాలి.

## ముఖం కూడా కొంచెం కనపడాలంటే

పూర్తి సిల్హౌట్ చాలు అనేవాళ్లున్నారు. కన్ను, చెంప లీలగా తెలియకపోతే అది మనిషి ఫోటో కాదు, ఒట్టి ఆకారం అనేవాళ్లూ ఉన్నారు. రెండు వాదనల్లోనూ పస ఉంది. ఆకారం మాత్రమే ఉంటే చూపు నేరుగా అడవిలోకి పోతుంది, బొమ్మ చదవడం తేలిక. ముఖం తెలిస్తే ఫలానా మనిషి అని తెలుస్తుంది, కానీ కనుబొమ్మకీ కొమ్మకీ పోటీ మొదలవుతుంది. నాకు మాత్రం తెలిసినవాళ్ల ఫోటో అయితే కన్ను కనపడాలనే ఉంటుంది.

ముఖం చూపించాలంటే తీసేటప్పుడే చెంప మీద కొంచెం వెలుతురు పడనివ్వాలి. చెంప 140 అయితే, దాని మీద ఆకులు 120 పడితే 194 వస్తుంది. చెంప బాగా పాలిపోతుంది, ఆకుల ఛాయ కూడా పూర్తిగా పోదు. రెండూ సగం సగం అన్నమాట. దీన్ని అదుపు చెయ్యడానికి రెండు దారులున్నాయి.

మొదటిది లేయర్ మాస్క్. అడవి లేయర్‌కి మాస్క్ పెట్టి, మెత్తటి అంచున్న బ్రష్‌తో నల్ల రంగు వేస్తే అక్కడ అడవి తగ్గుతుంది. ఫ్లో 10 శాతం దగ్గర ఉంచి పదిసార్లు మెల్లగా రుద్దడం మంచిది, ఒకేసారి వంద శాతంతో వేస్తే కంటి చుట్టూ గుండ్రటి కన్నం పెట్టినట్టు ఉంటుంది. చెట్టు మాను మధ్యలో తెగేలా కాకుండా, మాను అంచు వెంబడే బ్రష్ పోనిస్తే చెయ్యి పెట్టిన చోటు తెలియదు.

రెండోది ఫోటోషాప్‌లోని Blend If. ఇది చేత్తో గీసే మాస్క్ కాదు, వెలుగునిబట్టి దానంతటదే ఏర్పడేది. అడవి లేయర్ మీద రెండుసార్లు నొక్కితే వచ్చే పెట్టెలో Underlying Layer అనే పట్టీ ఉంటుంది. కుడి చివరి తెల్ల ముక్కని Alt నొక్కి రెండుగా చీల్చి, ఒక సగాన్ని 110 దగ్గర, ఇంకో సగాన్ని 180 దగ్గర ఉంచామనుకోండి. కింద మనిషి ఫోటో 110 కన్నా చీకటిగా ఉన్న చోట అడవి పూర్తిగా ఉంటుంది, 180 కన్నా వెలుగున్న చోట అసలు ఉండదు, మధ్యలో మెల్లగా తగ్గుతుంది. 140 దగ్గరున్న చెంప మీద అడవి సగానికి పైగా మిగులుతుంది. వెనక ఆకాశం మీద మిగిలిన మరకలు కూడా దీంతోనే పోతాయి. ముక్క చీల్చకుండా జరిపితే మాత్రం చెంప మీద పొక్కులు లేచినట్టు అంచులు వస్తాయి.

రంగు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. Screen ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకి విడివిడిగా లెక్క వేస్తుంది. చర్మం 190, 140, 110 ఉండి, ఆకు 60, 110, 40 ఉంటే ఫలితం 205, 190, 133. అది పాలిపోయిన పసుపు. మనిషికి కామెర్లు వచ్చినట్టు ఉంటుంది. అందుకే చాలామంది మనిషి ఫోటోని ముందే బ్లాక్ అండ్ వైట్ చేసేస్తారు. నేనూ అదే చేస్తాను. రంగు అడవికి వదిలేస్తే చాలు.

## కొమ్మలు తల దాటి బయటికి రావాలంటే

Screen వెలుగే పెంచుతుంది కాబట్టి తెల్లటి ఆకాశం మీద ముదురు కొమ్మని అది ఎప్పటికీ గీయలేదు. ఫిల్మ్ మీద కూడా ఈ పద్ధతిలో అది కుదరదు. నడినెత్తి మీంచి కొమ్మలు బయటికి వచ్చిన ఫోటోలు ఎక్కడైనా చూశారంటే అక్కడ రెండో లెక్క కలిసిందని అర్థం. ఆ లెక్క Multiply. రెండు విలువల్నీ గుణించి 255తో భాగిస్తుంది, ఫలితం ఎప్పుడూ చీకటి వైపే పోతుంది.

అడవి లేయర్‌కి ఒక నకలు తీసి Multiply లో పెడితే, 250 ఆకాశం మీద 30 కొమ్మ 29 అవుతుంది. కొమ్మ గట్టిగా పడింది. కానీ అడవిలోని 240 ఆకాశం కూడా వెనకున్న తెలుపుని 235కి లాగేస్తుంది, అడవి ఫోటో చట్రం మొత్తం లేత బూడిద పెట్టెలా కనపడుతుంది. అందుకని ఈ నకలులో మాత్రం Levels తో ఆకాశాన్ని 255కి తోసెయ్యాలి. అప్పుడు 250 మీద 255 పడితే 250 అలాగే ఉంటుంది, పెట్టె మాయమవుతుంది. ఆ తర్వాత ఈ నకలుకి పూర్తి నల్ల మాస్క్ వేసి, కొమ్మలు కావాల్సిన నాలుగు చోట్ల మాత్రం తెల్ల బ్రష్‌తో తెరవాలి. పొరపాటున ముఖం మీద తెరిస్తే అక్కడి అడవి నల్లబడిపోతుంది.

## కెమెరాలోనా, కంప్యూటర్‌లోనా

ఇప్పటి కెమెరాలు చాలావాటిలో మల్టిపుల్ ఎక్స్‌పోజర్ ఉంటుంది. కానన్ 2012లో తెచ్చిన 5డి మార్క్ 3లో నాలుగు రకాలు ఉన్నాయి: Additive, Average, Bright, Dark. సిల్హౌట్ పద్ధతికి కావాల్సింది Additive, అదే వెలుతురుని కూడేది. Average పెడితే పైన చెప్పిన ఒపాసిటీ మసకే మళ్లీ వస్తుంది, 250 మీద 30 పడితే 140. Bright రెండింటిలో ఏది వెలుగైతే దాన్ని ఉంచుతుంది, సిల్హౌట్ నల్లగా ఉంటే అదీ బాగానే పనిచేస్తుంది, కానీ చెంప మీద వెలుతురు ఉంటే చెట్లూ చర్మమూ కలవకుండా ముక్కలు ముక్కలుగా పడతాయి.

ఇక్కడ ఒక గందరగోళం ఉంది. రెండుసార్లు ఎక్స్‌పోజ్ చేస్తే ప్రతిదీ ఒక స్టాప్ తగ్గించి, అంటే సగం వెలుతురుతో, తీయాలని, ఫిల్మ్ అయితే 400 రీలుని 800 అని సెట్ చెయ్యాలని పాతవాళ్లు చెబుతారు. అది నిజమే, కానీ రెండు ఫోటోలూ ఒకే చోట వెలుగు పంచుకున్నప్పుడు. సిల్హౌట్‌లో అడవి పడేది ఖాళీ మీద, అక్కడ కూడడానికి ముందు ఏమీ లేదు. ఆకాశాన్ని తగ్గించి తీస్తే అది నిండక వెనక చెట్లు కనపడతాయి, కాబట్టి ఇక్కడ ఆ సూత్రం ఎదురు తిరుగుతుంది.

కెమెరాలోనే తీసేవాళ్ల వాదన ఏమిటంటే, అడవి ముందు నిలబడి లైవ్ వ్యూలో సిల్హౌట్ మీద చెట్లు పడటం చూస్తూ ఫ్రేము జరుపుకుంటుంటే ముందుగా అనుకోని అమరికలు దొరుకుతాయని. కార్డులో ఉన్న పాత రా ఫైలుని మొదటి ఫోటోగా తీసుకోవడం ఇలాంటి కానన్ కెమెరాల్లో కుదురుతుంది కూడా, మేడ మీద తీసిన మనిషిని జేబులో పెట్టుకుని అడవికి పోయినట్టే. వెలుతురు కూడిక కూడా కొంచెం వేరు. సిల్హౌట్ 20, ఆకులు 120 అయితే నిజమైన వెలుతురు లెక్కలో దాదాపు 122 రావాలి, Screen 131 ఇస్తుంది. 120 మీద 120 పడితే ఈ ఎడం పెరుగుతుంది, 165 రావాల్సిన చోట 184 వస్తుంది. Screen తో చేసినవి పొగ పట్టినట్టు ఉంటాయని కొందరు అనేది ఇందుకే. అడవి లేయర్ మీద ఒక Curves పెట్టి ముదురు భాగాల్ని కొంచెం కిందికి లాగితే ఆ పొగ చాలావరకు పోతుంది.

కంప్యూటర్ వైపు వాళ్లకి చెప్పడానికి ఒకే మాట చాలు: ముక్కు దగ్గర పొగమంచు పడితే జరపొచ్చు. కెమెరాలో కలిసిపోయిన రెండు వెలుతురుల్ని మళ్లీ విడదీయలేం. అందుకని నేను కెమెరాలో కలిపి చూసుకున్నా, రెండు ఫోటోల్నీ విడిగా కూడా దాచుకుంటాను.

మా మేనకోడలి ఫోటోలో చివరికి ఒక్క కొమ్మే బయటికి వచ్చింది, చెవికి పైన, జడ మొదలయ్యే చోట. మిగతా కొమ్మలు తెరిచి చూసి మళ్లీ మూసేశాను. వాటివల్ల జడ గీత తెగిపోతోంది, ఆ జడని వీపుకి ఎడంగా పెట్టడానికే మేం మేడ మీద అరగంట నిలబడ్డాం.